గంట దాటిన కుట్టు వీడియోలకు యూట్యూబ్ చాప్టర్లు: చాలాకాలం వాడాక నా సమీక్ష

నేను బ్లౌజు కటింగ్, స్టిచింగ్ నేర్పుతాను. కొలతల నుంచి హుక్కుల దాకా ఒకే వీడియోలో చెప్తాను కాబట్టి ఒక్కోటీ గంట దాటుతుంది. వీడియోను పేర్లున్న భాగాలుగా విడగొట్టి, కావాల్సిన చోటికి నేరుగా వెళ్లనిచ్చే చాప్టర్ల సౌకర్యం యూట్యూబ్‌లో 2020లో వచ్చింది. దాన్ని ఇన్నాళ్లు వాడిన మీదట చెప్తున్నాను: చేతిలో బట్ట పట్టుకుని చూసేవాళ్లకు ఇంతకు మించి పనికొచ్చేది ఇంకోటి లేదు.

పెట్టడం చాలా తేలిక. డిస్క్రిప్షన్‌లో ఒక్కో వరుసకు ఒక సమయం, పక్కనే పేరు రాస్తే చాలు. లైనింగ్ బ్లౌజు వీడియోకి నేను రాసింది ఇది:

```
0:00 లైనింగ్ బ్లౌజుకి ఏమేం కావాలి
3:20 ఆది జాకెట్టు నుంచి కొలతలు
11:45 వెనుక భాగం కటింగ్
22:10 ముందు భాగం, టక్కుల గుర్తులు
34:30 లైనింగ్ అతికించడం
45:05 మెడకు పైపింగ్
56:40 చేతులు ఎక్కించడం
1:01:30 చంక దగ్గర ముడతలు రాకుండా
1:07:15 సైడ్ కుట్లు, హుక్కులు
```

మొదటి వరుస 0:00తోనే మొదలవ్వాలి. కనీసం మూడు సమయాలుండాలి, అవి వరుసక్రమంలో పెరుగుతూ పోవాలి, ఏ చాప్టరూ పది సెకన్లకు తగ్గకూడదు. వీటిలో ఏది తప్పినా సమయాలు నీలిరంగు లింకులుగా కనిపిస్తాయి గానీ చాప్టర్లు మాత్రం ఏర్పడవు. అందుకే లింకులు పనిచేస్తున్నాయని ఊరుకోకుండా వీడియో కింది గీతను చూడాలి. అది ముక్కలుగా విడిపోయి ఉంటేనే చాప్టర్లు పడ్డట్టు. నియమాలు తప్పినందుకు యూట్యూబ్ వేసిన స్ట్రైక్ ఛానల్ మీద ఉన్నప్పుడు మాత్రం అన్నీ సరిగ్గా రాసినా కనిపించవు.

అసలు ఆలోచించాల్సింది ఎక్కడ విడగొట్టాలన్నది. నేను కెమెరా మార్చిన చోట కాదు, చూసేవాళ్లు వీడియో ఆపి కత్తెర పట్టుకునే చోట విడగొడతాను. వెనుక భాగం కత్తిరించాక ఎవరైనా కాసేపు ఆగుతారు, మళ్లీ వచ్చి ముందు భాగం దగ్గర నొక్కుతారు. నేను మాట మొదలుపెట్టడానికి రెండు మూడు సెకన్ల ముందు సమయం ఇస్తాను. లేకపోతే నొక్కినవాళ్లకు సగం వాక్యమే వినిపిస్తుంది.

పై జాబితాలో 1:01:30 వరుస మొదట్లో లేదు. యూట్యూబ్ స్టూడియోలో ఆడియన్స్ రిటెన్షన్ గ్రాఫ్ చూస్తే, చేతులు ఎక్కించే భాగం మధ్యలో గీత ఒక్కసారిగా పైకి లేచింది. అంటే అక్కడ జనం వెనక్కి జరుపుకుని మళ్లీ మళ్లీ చూస్తున్నారన్నమాట. నా దగ్గర నేర్చుకునే అమ్మాయి కూడా "అక్కా, చంక దగ్గర ముడత పోయేలా సర్దేది ఎక్కడో వెతకలేక చస్తున్నాను" అంది. ఆ చోటికి విడిగా పేరు పెట్టాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే వీడియో అంతా చూడమనక్కర్లేదు, ఆ చాప్టర్ లింకే పంపిస్తాను.

పేరు ఎలా పెట్టామన్నదాని మీదే వెతుకులాటలో ప్రయోజనం ఆధారపడుతుంది. అనలిటిక్స్‌లో యూట్యూబ్ సెర్చ్ నుంచి వచ్చినవాళ్లు ఏ మాటలు టైప్ చేశారో కనిపిస్తుంది. వాళ్లు "భాగం 6" అని వెతకరు, "చంక దగ్గర ముడతలు" అనే వెతుకుతారు. అందుకే చాప్టర్‌కు ఆ మాటలే పెడతాను, ముఖ్యమైన మాట ముందే వచ్చేలా రాస్తాను. ఫోన్‌లో పొడుగు పేరు చివర తెగిపోతుంది మరి. గూగుల్ వెతుకులాటలో వీడియో కింద ముఖ్య ఘట్టాలు చూపించేటప్పుడు డిస్క్రిప్షన్‌లో మనం రాసిన సమయాలు, పేర్లు వాడుకోవచ్చు. అలా చూపిస్తే గంట వీడియోలో కావాల్సిన నిమిషానికే జనం నేరుగా వస్తారు. అయితే ప్రతిసారీ చూపిస్తుందన్న హామీ లేదు. చాప్టర్లు పెట్టినంత మాత్రాన వీడియో పైకి ఎగబాకడం కూడా నేను చూడలేదు.

కావాల్సింది చూసి వెళ్లిపోతే వాచ్ టైమ్ పడిపోతుందని చాలామంది టెన్షన్ పడతారు. నిజమే, కొందరు ఒక్క పైపింగ్ చూసి వెళ్లిపోతారు. కానీ బ్లౌజు కుట్టే మనిషి అదే వీడియోకి మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకో చాప్టర్ కోసం. నాకు అదే ముఖ్యం.

ఆటోమేటిక్ చాప్టర్ల మీద నేను ఆధారపడను. మనం రాసినవి ఉంటే యూట్యూబ్ వాటినే చూపిస్తుంది, ఏ కుట్టు ఎక్కడ మొదలవుతుందో కుట్టినవాళ్లకే బాగా తెలుసు.

ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. అప్‌లోడ్ చేశాక మొదట్లో నలభై సెకన్లు ట్రిమ్ చేస్తే డిస్క్రిప్షన్‌లోని సమయాలు వాటంతట అవి మారవు. 3:20ని 2:40గా, 11:45ని 11:05గా, ఇలా 0:00 తప్ప ప్రతి వరుసనూ చేత్తో మార్చుకోవాలి. అందుకే ట్రిమ్ అంతా పూర్తయ్యాకే సమయాలు రాస్తాను.