క్రమ బహుభుజి గీయడం సాధ్యమా? కారణాంకాలు చూడటం మేలా, డిగ్రీ లెక్కగట్టడం మేలా?

గుర్తులు లేని స్కేలు, వృత్తలేఖిని మాత్రమే వాడి n భుజాల క్రమ బహుభుజిని కచ్చితంగా గీయగలమో లేదో తేల్చడానికి రెండు దారులున్నాయి. ఒకటి, nని కారణాంకాలుగా విడగొట్టి చూడటం. రెండోది, 1 యొక్క n వ మూలాలను అకరణీయ సంఖ్యలతో కలిపి కూడిక, తీసివేత, గుణకారం, భాగహారాలు చేస్తే ఏర్పడే సైక్లోటోమిక్ క్షేత్రం డిగ్రీని, అంటే φ(n)ని లెక్కగట్టి, అది 2 యొక్క ఘాతమో కాదో చూడటం. nతో సామాన్య కారణాంకం లేని, n కంటే చిన్న సంఖ్యలు ఎన్నో అదే φ(n). రెండు దారులూ ఒకే జవాబిస్తాయి. కానీ రెండూ ఒకే పనికి రావు.

మొదటి దారిలో నియమం ఇది: n అనేది 2 యొక్క ఘాతమో, లేక అలాంటి ఘాతాన్ని వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యలతో గుణిస్తే వచ్చేదో అయి ఉండాలి. 2^(2^k) + 1 రూపంలో ఉండే ప్రధాన సంఖ్యలే ఫెర్మా ప్రధాన సంఖ్యలు. ఇప్పటిదాకా తెలిసినవి ఐదే: 3, 5, 17, 257, 65537. ఈ నియమం పాటిస్తే సరిపోతుందని గణితవేత్త గౌస్ 1801లో చూపాడు. వేరే nకి కుదరదన్న భాగాన్ని వాంట్జెల్ 1837లో నిరూపించాడు. 60 = 4 × 3 × 5 కాబట్టి గీయగలం. 7, 11, 13 కుదరవు. జవాబు క్షణంలో వచ్చేస్తుంది.

విద్యార్థులు ఎక్కువగా జారేది 9 దగ్గర. 3 ఫెర్మా ప్రధాన సంఖ్యే కదా, 9 కూడా వస్తుందనుకుంటారు. నియమంలో ‘వేర్వేరు’ అన్న మాట ఎందుకుందో కారణాంకాల దారి చెప్పదు. డిగ్రీ చెబుతుంది. φ(9) = 6. cos 40° ఉండే క్షేత్రం డిగ్రీ అందులో సగం, 3. చేత్తోనే సరిచూడవచ్చు: y = 2cos 40° అనుకుంటే cos 120° = −1/2 నుంచి y³ − 3y + 1 = 0 వస్తుంది. దీనికి అకరణీయ మూలం ఉంటే అది 1 లేదా −1 కావాలి. 1 పెడితే −1, −1 పెడితే 3 వస్తున్నాయి. కాబట్టి ఇది విడిపోని ఘన సమీకరణం. వృత్తలేఖిని, స్కేలు చేసే ప్రతి అడుగూ మహా అయితే ఒక వర్గ సమీకరణాన్ని సాధిస్తుంది, అంటే డిగ్రీని రెట్టింపు చేస్తుంది, లేదా అలాగే ఉంచుతుంది. రెట్టింపులతో 3 ఎప్పటికీ రాదు. 7 కుదరకపోవడానికీ కారణం ఇదే: φ(7) = 6.

అలాగని ఏ సంఖ్యకైనా డిగ్రీ 2 యొక్క ఘాతమైతే చాలనుకోవడం పొరపాటు. నాలుగో డిగ్రీ సమీకరణాల్లో వర్గమూలాలతో సాధించలేనివీ ఉన్నాయి. సైక్లోటోమిక్ క్షేత్రంలో మాత్రం గాల్వా సమూహం, అంటే మూలాలను ఒకదాని స్థానంలో మరొకటి పెట్టే మార్పుల సమూహం, వినిమయ సమూహం: ఏ రెండు మార్పులను ఏ వరుసలో చేసినా ఫలితం ఒకటే. అందుకే φ(n) 2 యొక్క ఘాతమైనప్పుడు క్షేత్రాన్ని ఒక్కో రెట్టింపుగా మెట్లు మెట్లుగా కట్టుకుంటూ పోవచ్చు.

రెండో దారి అసలు బలం 17 దగ్గర తెలుస్తుంది. గౌస్ 1796లో కనిపెట్టింది దీన్నే. φ(17) = 16, కాబట్టి cos(2π/17)కి డిగ్రీ 8, మూడు మెట్లు. 17తో భాగించి శేషాలు తీసుకుంటే 3 యొక్క ఘాతాలు 1 నుంచి 16 దాకా అన్ని సంఖ్యలనూ చుట్టివస్తాయి. సరి ఘాతాలకు చెందిన మూలాలను ఒక గుంపుగా, బేసి వాటిని మరో గుంపుగా కూడితే ఆ రెండు మొత్తాల కూడిక −1, లబ్ధం −4. ఇక అడుగులు ఇవి:

x² + x − 4 = 0 నుంచి a = 1.5616, b = −2.5616.
x² − ax − 1 = 0 ధన మూలం c = 2.0495. x² − bx − 1 = 0 ధన మూలం d = 0.3441.
x² − cx + d = 0 పెద్ద మూలం 1.8650. ఇదే 2cos(2π/17).

సగం చేస్తే 0.9325. ఒక్కో వర్గ సమీకరణానికి ఒక్కో వృత్తపు నిర్మాణం చేసుకుంటూ పోతే బొమ్మ వస్తుంది. రెండో మెట్టులో ఏ మూలం తీసుకోవాలో గుర్తును బట్టి చూసుకోవాలి, లేకపోతే తప్పు కోణం వస్తుంది. ‘17 ఫెర్మా ప్రధాన సంఖ్య’ అన్న ఒక్క వాక్యం నుంచి ఈ దశలేవీ రావు.

కాబట్టి ‘కుదురుతుందా’ అన్నంతవరకే అయితే మొదటిదే మేలు. ఎందుకు, ఎలా అన్నది కావాలంటే రెండోది తప్పదు. 15 లాంటి చోట మాత్రం మొదటిదే గీతను కూడా ఇచ్చేస్తుంది: 2/5 − 1/3 = 1/15. ఒకే బిందువు నుంచి పంచభుజిలో రెండు భుజాల చాపం, త్రిభుజంలో ఒక భుజం చాపం తీసుకుంటే మిగిలే తేడాయే పదిహేను భుజాల బహుభుజి ఒక చాపం.

పెద్ద సంఖ్యల్లో మొదటి దారి జాగ్రత్త కోరుతుంది. 2³² + 1 = 4294967297 చూడటానికి ఫెర్మా రూపంలోనే ఉంది. ఫెర్మా కూడా అది ప్రధాన సంఖ్యేనని భావించాడు. అది 641 × 6700417 అని ఆయిలర్ 1732లో తేల్చాడు. అప్పుడు φ = 640 × 6700416. 640లోనే 5 ఉంది కాబట్టి 4294967297 భుజాల క్రమ బహుభుజి గీయలేం.