విమానం రద్దయితే ఫిర్యాదు లేఖ: అన్నీ కలిపి అడగడమా, విడివిడిగానా?

నల్గొండ నుంచి అద్దె కారులో బయలుదేరిన మా బావ చౌటుప్పల్ దాటేసరికి రాత్రి 1:50కి మెసేజ్ వచ్చింది. శంషాబాద్ నుంచి ముంబైకి 6:40కి వెళ్లాల్సిన విమానం రద్దు. అక్కడి నుంచే వెనక్కి తిరిగొచ్చాడు.

తెల్లారి ఆయన రాసిన లేఖలో రెండు పేజీల ఆవేదన, చివర ఒకే మాట: '50 వేలు ఇవ్వాలి.' అందులో టికెట్ డబ్బు, పరిహారం, కారు కిరాయి, మనస్తాపం అన్నీ కలిసిపోయాయి. రాసిన మనిషికి కడుపుబ్బరం తీరుతుంది, నిజమే. కానీ కంపెనీవాళ్లు 'వాతావరణం బాగాలేదు, చింతిస్తున్నాం' అని ఒక్క వాక్యంతో మొత్తం లేఖను పక్కన పెట్టేయొచ్చు.

నేను విడగొట్టి రాయమన్నాను. ఎందుకంటే ఒక్కో డబ్బుకు ఒక్కో ఆధారం ఉంది. కంపెనీయే విమానం రద్దు చేసి, మనం వేరే విమానం వద్దంటే, కారణం ఏదైనా టికెట్ డబ్బు పూర్తిగా తిరిగివ్వాలి. దాన్ని ట్రావెల్ క్రెడిట్‌గా తీసుకోవాలా వద్దా అన్నది మన ఇష్టం. వాతావరణం సాకు ఇక్కడ పనికిరాదు.

పరిహారం అలా కాదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం రద్దు సంగతి ముందుగా చెప్పకపోతే, గంట నుంచి రెండు గంటల ప్రయాణానికి 7,500 రూపాయలు, లేదా ఒకవైపు బేసిక్ ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అది. బావ టికెట్ 5,650. అందులో బేసిక్ 3,900, ఇంధనం 400. అంటే ఆయన అడగాల్సింది 7,500 కాదు, 4,300. తుఫాను లాంటి కంపెనీ చేతిలో లేని కారణమైతే ఇదీ రాదు. అందుకే రద్దుకు అసలు కారణం ఏమిటో లిఖితపూర్వకంగా చెప్పమని లేఖలో అడగాలి. అదే ఉదయం ముంబైకి వేరే విమానాలు వెళ్లి ఉంటే, వాటి నంబర్లూ రాయాలి. అంతమాత్రాన రుజువైనట్టు కాదు గానీ, వాళ్లు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

కారు కిరాయి 3,200 ఆ నిబంధనలో లేదు. రసీదు జతచేసి మూడో అంశంగా విడిగా అడగడమే మంచిది. ఇవ్వకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మనం ఉండే చోటే కేసు వేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది, గడువు రెండేళ్లు. ముంబై దాకా, కనీసం హైదరాబాద్ దాకా కూడా తిరగక్కర్లేదు.

రెండు లేఖల్లో నా ఓటు విడివిడి లేఖకే. ఒకటి కాదన్నా మిగతావి నిలబడతాయి. కాకపోతే లేఖకంటే ముందే చెడిపోయే అవకాశం ఒకటుంది: మెసేజ్‌లో వచ్చే 'వేరే విమానం ఓకే' బటన్. అది నొక్కితే విమానం ఒప్పుకున్నట్టే, ఆ తర్వాత రీఫండ్ అడిగితే వినరు. బావ ఆ రాత్రి కోపంలో ఫోన్ పక్కన పడేశాడు, దేన్నీ నొక్కలేదు.