వానొచ్చిండు: కవి చనువా, వ్యాకరణం తప్పా?

నల్లగొండలో నాకో చిన్న డీటీపీ షాపు ఉంది. బతుకమ్మ ముందు నెల రోజులు పాటల పుస్తకాలే పని. మొన్న దేవరకొండ దిక్కు నుంచి ఒక పిల్లగాడు తన పాట తెచ్చిండు. టైపు చేసి ప్రూఫు తీసే సరికి, ఎప్పుడూ వచ్చి కూర్చునే రిటైర్డ్ తెలుగు సారు కాయితం లాక్కొని ఎర్ర పెన్ను తీశారు. నాలుగు చోట్ల సున్నాలు చుట్టారు. పిల్లగాడు ఒక్కటే మాట అన్నడు: "కావాలనే రాసిన సార్."

ఆ నాలుగూ ఇవి.

చెరువు ఎండిపాయె చేను బీడాయె
వాన అలిగి నేను బొంబాయి పోయిన

మబ్బులు కమ్మింది మనసు జల్లుమంది
వానొచ్చిండు మా వాకిట నిలిచిండు

వాన కురిసింది వరి నాట్లు పడ్డయి

సారు చుట్టినవి: పోయిన, కమ్మింది, వానొచ్చిండు, కురిసింది. ఆఖరిది విడిగా చూస్తే సరైన తెలుగే. ముందు "వచ్చిండు" అని మళ్లీ "కురిసింది" ఏందని సారు పట్టుకున్నారు. నాలుగింటికీ నాలుగు రకాల జవాబులు వచ్చాయి కాబట్టే ఇది రాస్తున్నా.

మొదటిది తొందరగా తేలిపోయింది. "నేను పోయిన" అనేది చనువూ కాదు, తప్పూ కాదు. ఇక్కడ "నేను వెళ్లాను" అనడానికి అదే మాట. సారు దాన్ని "పోయాను" చెయ్యమన్నారు. నేను ఒప్పుకోలేదు. "వచ్చాడు" సరైనది, "వచ్చిండు" దాని వంకర అనుకుంటారు చాలామంది. రెండూ "వచ్చినాడు" నుంచి అరిగి వచ్చినవే, ఒకటి అటు అరిగింది, ఇంకొకటి ఇటు. అయితే కాయితం మీద "నేను బొంబాయి పోయిన" తరువాత ఇంకో నామవాచకం వస్తే చదివేవాళ్లు "నేను పోయిన రోజు" లాగా విశేషణం అనుకొని తట్టుకుంటారు. ఇక్కడ పాదం అక్కడే ఆగింది, ఆ ఇబ్బంది లేదు. ఇదే పాటలో ఇంకో చోట ప్రాస కోసం "వచ్చాను" అని పడి ఉంటే మాత్రం నేనే సున్నా చుట్టేదాన్ని. మనిషి ఒక్కడే, నాలుక రెండు ఊళ్లది కాకూడదు కదా.

రెండోది నిజమైన తప్పు. మబ్బులు బహువచనం, "కమ్మింది" ఏకవచనం. మన మాటలోనైనా "మబ్బులు కమ్మినయి" అంటాం, "కమ్మింది" అని ఏ ఊళ్లోనూ అనరు. "జల్లుమంది"తో కలవడానికి అట్ల రాసిన అన్నడు. నేను ఇట్లాంటి చోట ఒక పని చేస్తా: సరైన రూపం పెట్టి పాడి చూస్తా. పాట ఏమీ పోగొట్టుకోకపోతే ఆ వంపు తప్పే. "మబ్బే కమ్మింది" అంటే "మబ్బులు"కున్న నాలుగు మాత్రలే, లయ చెడలేదు. కానీ సారు దానికన్నా మంచిది చూపించారు. పల్లవిలో "ఎండిపాయె" అని ఇతనే రాసుకున్నడు. ఆ ఎకారాంత క్రియకు ఒక సుఖం ఉంది: మనుషులు కాని వాటికి ఒకటైనా పదైనా అదే రూపం. పాత పద్యాల్లో "మృగము పరుగెత్తెను, మృగములు పరుగెత్తెను" రెండూ చెల్లుతాయి. కాబట్టి "మబ్బులు కమ్మె, మనసు జల్లుమనె". బహువచనం నిలిచింది, ప్రాస నిలిచింది, పల్లవితో వరస కలిసింది. వంచకుండానే దారి ఉన్నప్పుడు చనువు అనే మాట ఎందుకు?

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పాడేటప్పుడు "కమ్మె" చివర సాగుతుంది, చెవికి "కమ్మే" అని వినిపిస్తుంది. పిల్లగాడు అట్లనే టైపు చెయ్యమన్నడు. చెయ్యలేదు. "కమ్మె" అంటే కమ్మింది అని, "కమ్మే" అంటే కమ్ముతున్న అని. "మబ్బులు కమ్మే మనసు" అని చదువుకుంటే మబ్బులు మనసును కమ్ముతున్నాయని అర్థం మారిపోతుంది. గొంతుకు ఎంత సాగదీసుకునే చనువైనా ఉంది, అక్షరానికి లేదు. నా దగ్గరికొచ్చే పాటల కాయితాల్లో ఎక్కువగా కనపడే తప్పు ఇదే: నిండె బదులు నిండే, కదిలె బదులు కదిలే. రాసినాయన తెలిసి వంచింది కాదు, విన్నది విన్నట్టు ఎక్కించింది.

అసలు గొడవంతా మూడో దాని దగ్గర. వాన మనిషి కాదు, "వచ్చింది" అనాలి. "వచ్చిండు" అన్నడు. సారు "లింగం తప్పు" అన్నారు. నేను పిల్లగాని పక్షం.

తెలుగులో ఒక విచిత్రం ఉంది. ఏకవచనంలో ఆడమనిషికీ, మనిషి కానిదానికీ ఒకే క్రియ: అమ్మ వచ్చింది, బండి వచ్చింది. బహువచనంలో ఆడవాళ్లు మగవాళ్లతో కలుస్తారు: అమ్మలు వచ్చిన్రు, బండ్లు వచ్చినయి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో మగవాళ్ల మాటలు మహత్తు, మిగతావి అమహత్తు అని విడదీసింది ఈ సంగతినే. దీనివల్ల వానను ఆడపిల్లగా ఊహించి "వచ్చింది" అని రాస్తే క్రియలో ఆ ఊహ కనపడనే కనపడదు. మగపిల్లవాడిగా ఊహిస్తేనే వ్యాకరణం కదులుతుంది, చెవి టక్కున ఆగుతుంది. ఈ పాట పాలమూరు కూలోళ్ల లెక్క బొంబాయికి వలసపోయిన కొడుకుది. అలిగిపోయింది వాన, ఊరిడిసిపోయింది కొడుకు. "వానొచ్చిండు మా వాకిట నిలిచిండు" అనంగనే ఇద్దరూ ఒక్కటైతరు. దాన్ని "వానొచ్చింది" అని దిద్ది పాడి చూసినం. వాతావరణం వార్త లెక్కుంది. దిద్దితే పాట పోగొట్టుకునేది ఇంత ఉందంటే అది చనువే.

"మరి కిందికి రాగానే కురిసింది అన్నవేందిరా? కొడుకు మళ్లీ నీళ్లైపోయిండా?" సారు అడిగారు. పిల్లగాని దగ్గర జవాబు లేదు. సారు గెలిచింది ఇక్కడే. ఒకసారి వంచి, కారణం లేకుండా మరుసటి చరణంలో మామూలుకు వస్తే, పైన వంచింది కూడా తెలియక రాసినట్టే కనపడుతుంది. "కురిసింది" తప్పు కాకపోయినా, అది పక్కనున్న మంచి చరణాన్ని తప్పు చేస్తుంది.

సరే, "వాన కురిసిండు" అని మార్చినం. పుస్తకం కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్న ఒక ముసలమ్మ విని నవ్వింది. "కురిసేటియి నీళ్లు గదా బిడ్డా, మనిషెట్ల కురుస్తడు?"

మా ముగ్గురికీ తట్టలేదు. అలగడం, రావడం, వాకిట్ల నిలవడం కొడుకు చేసే పనులే, అందుకే "-ండు" అక్కడ అతికింది. కురవడం మనుషుల పని కాదు. లింగం ఒక్కటే మారిస్తే చాలదు, మనిషి చేసే పనే దొరకాలి.

పిల్లగాడు చాయ్ తాగుతూ పది నిమిషాలు గునిసి చివరికి ఇట్ల రాసిచ్చిండు:

వానుండిపోయిండు వరి నాట్లు పడ్డయి

సారు ఎర్ర పెన్ను మూత పెట్టారు. "పోయిన" మీద సున్నా మాత్రం కొట్టెయ్యలేదు. నేను దాన్ని అట్లనే వదిలి ప్రింటుకు ఇచ్చిన.