స్క్రీన్‌షాట్ చూసి రాయడమా, రాత్రి జాబితా చూసి రాయడమా?

కిరాణా కొట్టులో ఫోను చెల్లింపులను చిట్టాలోకి ఎక్కించే పద్ధతులు రెండు. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ రాగానే రాసుకోవడం ఒకటి. కొట్టు కట్టేశాక ఖాతాలో జమైన జాబితా చూసి ఒకేసారి రాయడం రెండోది.

మొదటి దానిలో ఎవరు, దేనికి కట్టారో అప్పుడే తెలుస్తుంది. చిక్కల్లా, అదే బొమ్మ భర్త ఫోనుకూ భార్య ఫోనుకూ వస్తే ఇద్దరూ రాస్తారు. చిట్టాలో 340 రూపాయలు మూడుసార్లు కనిపించాయనుకోండి. మొత్తాన్ని, సమయాన్ని నమ్మి కొట్టేయకూడదు. ఇద్దరు ఒకే ధర సరుకు కొని ఉండవచ్చు. 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబరు (కొన్ని యాప్‌లలో UTR) చూడాలి. రెండు పద్దులకు చివర 2716, మూడోదానికి 5133 ఉంటే, నంబరంతా సరిచూసుకుని అమ్మకం 1,020 కాదు, 680 అని దిద్దాలి. యాప్ సొంతంగా ఇచ్చే లావాదేవీ సంఖ్యతో పోల్చవద్దు. ఒకే చెల్లింపుకు కట్టినవారి యాప్‌లో ఒకటి, మీ యాప్‌లో మరొకటి ఉండవచ్చు.

రాత్రి జాబితాలో ఈ తంటా లేదు. ఒక జమ ఒక్కసారే ఉంటుంది, పెండింగ్‌వీ నకిలీవీ అందులోకి రావు. కానీ పాత అరువు తీర్చిన 500 కూడా అందులో అమ్మకంలాగే కనిపిస్తుంది. అరువిచ్చిన రోజే దాన్ని అమ్మకంగా రాసి ఉంటే, మళ్లీ లెక్కేసినట్టే.

నా ఓటు రెండోదానికే. స్క్రీన్‌షాట్ వచ్చినప్పుడు చిత్తు కాగితం మీద పేరు, చివరి నాలుగంకెలు, ‘పాత బాకీ’ అన్న మాట చాలు. మొత్తం మాత్రం జాబితా నుంచే చిట్టాకెక్కాలి.