పాత రీడర్‌లో పీడీఎఫ్ ఖాళీగా కనిపిస్తే: గోస్ట్‌స్క్రిప్ట్‌తో 1.4కు దించి వాడిన అనుభవం

విజయవాడ గవర్నర్‌పేటలో డీటీపీ పని చేసుకునే నాకు గోస్ట్‌స్క్రిప్ట్ ఏళ్ల తరబడి అలవాటైన సాఫ్ట్‌వేర్. ఉచితంగా దొరుకుతుంది. కిటికీలూ బటన్లూ ఉండవు, కమాండ్ టైపు చేయాల్సిందే. నేను దాన్ని వాడేది ముఖ్యంగా ఒకే పనికి: కొత్త సాఫ్ట్‌వేర్‌లో తయారైన పీడీఎఫ్‌ను పాత కంప్యూటర్ చదవగలిగేలా 1.4 వెర్షన్‌కు దించడానికి. ఆ పనిని అది నమ్మకంగా చేస్తుంది. కానీ పేజీ తెల్లగా వచ్చిన ప్రతిసారీ, అక్షరాలు చెదిరిన ప్రతిసారీ వెర్షన్ దించేస్తే సరిపోతుందన్న మాట మా వృత్తిలో బాగా పాతుకుపోయింది. అది నిజం కాదని చెప్పడానికే ఈ సమీక్ష రాస్తున్నాను.

పాత రీడర్లు ఇంకా ఎందుకున్నాయని కొత్తవాళ్లు అడుగుతుంటారు. ఇక్కడి ప్రెస్సుల్లోనూ జిరాక్స్ షాపుల్లోనూ యంత్రం ఇంకా చక్కగా పనిచేస్తూ ఉంటుంది. దాని డ్రైవర్ మాత్రం పాత విండోస్‌లోనే నడుస్తుంది. విండోస్ మారదు కాబట్టి అందులోని పీడీఎఫ్ రీడరూ మారదు. లక్షలు పోసి కొన్న యంత్రాన్ని ఒక ఫైలు కోసం పక్కన పెట్టమని ఎవరికీ చెప్పలేం. ఫైలునే దాని దారికి తేవాలి.

పీడీఎఫ్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలో `%PDF-1.5` లాంటి మాట కనిపిస్తుంది. అదే వెర్షన్. 2001లో అక్రోబాట్ 5తో వచ్చిన 1.4లో పారదర్శకత చేరింది, అంటే నీడలు, కింది రంగు కనిపించేలా పైన పరిచే పొరలు. 2003లో అక్రోబాట్ 6తో వచ్చిన 1.5లో రెండు పెద్ద మార్పులు జరిగాయి. ఒకటి, ఫైలు లోపలి అమరిక మారింది. రెండు, బొమ్మలను జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి పెట్టే వీలు కలిగింది. పాత రీడర్ల ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఈ 1.4కూ 1.5కూ మధ్య గీత దగ్గరే మొదలవుతాయి. అందుకే నేను ఎప్పుడూ 1.4 దగ్గరే ఆగుతాను. ఆ మొదటి వరుసలో 5ను చెరిపి 4 అని రాస్తే మాత్రం ఏమీ మారదు. రీడర్ తడబడేది అంకెను చూసి కాదు, లోపలి సరుకును చూసి.

ఆ అమరిక సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పుస్తకం చివర పదసూచిక ఉన్నట్టు పీడీఎఫ్ చివర కూడా ఒక సూచిక ఉంటుంది. ఏ పేజీ వివరం, ఏ ఫాంటు, ఏ బొమ్మ ఫైలులో ఎక్కడ మొదలవుతుందో అందులో ఉంటుంది. 1.4 దాకా ఆ సూచిక మామూలు అంకెల పట్టిక, ఎవరైనా చదవగలిగేది. 1.5 నుంచి ఆ సూచికను కూడా కుదించి దాచవచ్చు. పేజీల వివరాలనూ ఫాంటుల వివరాలనూ మూటకట్టి ఒకే చోట కుదించవచ్చు. ఇది తెలియని రీడర్ ముందు సూచిక కోసం వెతుకుతుంది, దొరకదు. తర్వాత ఫైలంతా గాలించి తానే సూచిక తయారు చేసుకోవాలని చూస్తుంది. బొమ్మలు, పేజీలోని రాత బయటే ఉంటాయి కాబట్టి దొరుకుతాయి. కానీ ఏది ఏ పేజీకి చెందిందో చెప్పే వివరాలు మూటలో ఉండిపోయాయి. అప్పుడు ఫైలు పాడైందని చెబుతుంది, లేదా తెల్లకాగితం చూపిస్తుంది. ఫైలుకు నిజానికి ఏమీ కాలేదు.

ఇబ్బంది ఇదొక్కటే అయితే గోస్ట్‌స్క్రిప్ట్ అక్కర్లేదు. `qpdf` అనే చిన్న సాఫ్ట్‌వేర్ చాలు:

```
qpdf --object-streams=disable --force-version=1.4 in.pdf out.pdf
```

ఇందులో పని చేసేది మొదటి మాట. అది మూటలు విప్పి పాత పద్ధతి సూచిక రాస్తుంది. రెండోది మొదటి వరుసలోని అంకెను మారుస్తుంది. బొమ్మలనూ అక్షరాలనూ `qpdf` ముట్టుకోదు, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు. అందుకే ఫైలు అసలు తెరుచుకోకపోతే నేను ముందు దీన్నే వాడతాను.

ఇక నా దగ్గరికి వచ్చిన పనుల్లో అన్ని రకాల ఇబ్బందులూ కలిసి ఎదురైన ఒక ఉదాహరణ చెబుతాను. గుంటూరు నుంచి ఒక పాఠశాల పూర్వ విద్యార్థుల సంచిక వచ్చింది. తెలుగు వ్యాసాలు, పాత ఉత్తరాల స్కాన్లు, నీడలతో అందమైన ముఖచిత్రం. పంపినవారి కంప్యూటర్‌లో అంతా సవ్యంగానే ఉంది. ప్రెస్సువారి పాత కంప్యూటర్‌లో ముఖచిత్రం బాగానే వచ్చింది, ఉత్తరాల పేజీలు తెల్లగా వచ్చాయి, వ్యాసాల్లో శీర్షికలు మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల కలగాపులగంగా కనిపించాయి. “ఫైలు పాడైందండీ, మళ్లీ పంపించమనండి” అన్నారు ప్రెస్సు యజమాని. మళ్లీ పంపినా అదే ఫైలు వస్తుంది, అదే కనిపిస్తుంది.

ఫైలు తెరుచుకుంది, కొన్ని పేజీలు సరిగ్గా వచ్చాయి. కాబట్టి సూచిక గొడవ కాదు. ఆ రీడర్‌కు కొత్త అమరిక తెలుసు. తక్కినవేవో తెలియవు. అప్పుడు వాడాల్సిన కమాండ్లు రెండు, పాప్లర్ అనే ఉచిత పనిముట్ల మూటలో దొరుకుతాయి:

```
pdfimages -list sanchika.pdf
pdffonts sanchika.pdf
```

మొదటిది ప్రతి బొమ్మా ఏ పద్ధతిలో కుదించబడిందో `enc` అనే నిలువు వరుసలో చూపిస్తుంది. ముఖచిత్రం దగ్గర `jpeg` అని ఉంది. ఉత్తరాల పేజీలన్నిటి దగ్గరా `jpx` అని ఉంది. అది జేపెగ్ 2000. స్కాన్ చేసిన సాఫ్ట్‌వేర్ సైజు తగ్గించడానికి ఆ పద్ధతి ఎంచుకుంది. ప్రెస్సు రీడర్‌కు దాన్ని విప్పడం తెలియదు. పేజీ మొత్తం ఒకే బొమ్మ కాబట్టి, బొమ్మ రాకపోతే మిగిలేది తెల్లకాగితమే.

రెండో కమాండ్ ఫాంటుల జాబితా ఇచ్చింది. అందులో `emb` అనే నిలువు వరుస చూడాలి. ఫాంటు ఫైలులోనే పొదిగి ఉంటే `yes`, లేకపోతే `no`. వ్యాసాల ఫాంటుకు `yes` ఉంది, శీర్షికల ఫాంటుకు `no` ఉంది. మన డీటీపీలో వాడే పాత తెలుగు ఫాంటుల్లో తెలుగు ఆకారాలు ఇంగ్లిషు అక్షరాలు, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు ఫైలులో లేక, ఆ కంప్యూటర్‌లోనూ లేకపోతే రీడర్ తన దగ్గరున్న ఇంగ్లిషు ఫాంటును పెడుతుంది. అప్పుడు ‘స్వాగతం’ అనే మాట ఒత్తులూ చుక్కలూ ఉన్న రోమన్ అక్షరాల వరుసగా మారుతుంది. పంపినవారికి సరిగ్గా కనిపించడానికి కారణం వారి కంప్యూటర్‌లో ఆ ఫాంటు ఉండటమే. దీనికీ వెర్షన్‌కూ ఏ సంబంధమూ లేదు. ఎంత కొత్త రీడర్‌లో తెరిచినా, ఫాంటు లేని కంప్యూటర్‌లో ఇలాగే వస్తుంది.

ఇక్కడే వెర్షన్ దించడం హాని చేస్తుంది. గోస్ట్‌స్క్రిప్ట్ మామూలుగా ఫాంటులన్నిటినీ ఫైలులో పొదుగుతుంది. కానీ తన కంప్యూటర్‌లో లేని ఫాంటును ఎక్కడినుంచి తెస్తుంది? అదీ మరో ఫాంటును పెట్టి, దాన్నే పొదిగి రాసేస్తుంది. ఆ కొత్త ఫైలులో `emb` దగ్గర `yes` అని వస్తుంది, చూసినవారికి అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపిస్తుంది, తప్పు మాత్రం శాశ్వతమవుతుంది. మార్చేటప్పుడు తెర మీద `substitute` అనే మాట ఉన్న వరుస వస్తే ఆగి చూడండి. అందుకే నేను సందేశాలను దాచే `-q` వాడను. సంచిక విషయంలో గుంటూరు వారికి ఫోను చేసి, అసలు ఫైలున్న కంప్యూటర్‌లోనే ఫాంటులు పొదిగి మళ్లీ పీడీఎఫ్ చేయించాను. దానికి వేరే మార్గం లేదు.

ఆ కొత్త పీడీఎఫ్ వచ్చాకే ఉత్తరాల పేజీల కోసం ఈ కమాండ్ ఇచ్చాను. విండోస్‌లో `gs` బదులు `gswin64c` అని రాయాలి.

```
gs -sDEVICE=pdfwrite -dCompatibilityLevel=1.4 -dPDFSETTINGS=/prepress -o out.pdf in.pdf
```

గోస్ట్‌స్క్రిప్ట్ ఫైలును సరిదిద్దదు, మొదటినుంచి మళ్లీ రాస్తుంది. ఆ క్రమంలో జేపెగ్ 2000 బొమ్మలను విప్పి 1.4లో చెల్లే పద్ధతుల్లోకి మారుస్తుంది. `/prepress` ఎందుకంటే, అది లేకపోతే ఫొటోలను మళ్లీ కుదించేటప్పుడు అక్షరాల అంచుల చుట్టూ మచ్చలు వస్తాయి. ఉత్తరాల్లోని సిరా గీతల దగ్గర ఆ తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. అయితే రంగుల బొమ్మలు మరీ ఎక్కువ సాంద్రతతో ఉంటే ఇది 300 డీపీఐకి తగ్గిస్తుంది. ప్రింటుకు అది చాలు. ఫైలు సైజు మాత్రం బాగా పెరిగింది. జేపెగ్ 2000 పొదుపును వదులుకున్నందుకు అది తప్పదు. పని అయ్యాక మళ్లీ `pdfimages -list` వేసి `jpx` ఎక్కడా లేదని చూసుకున్నాను. ప్రెస్సులో పేజీలన్నీ వచ్చాయి.

ఇంకా కిందికి, 1.3కు దించితే ఇంకా భద్రం కదా అని అడుగుతారు. వద్దు. 1.3లో పారదర్శకత లేదు. కాబట్టి నీడలున్న ప్రతి పేజీనీ గోస్ట్‌స్క్రిప్ట్ మొత్తంగా ఒక బొమ్మగా మార్చేస్తుంది. ఆ పేజీలో అక్షరాలు ఇక అక్షరాలుగా ఉండవు, వెతకలేం, కాపీ చేయలేం. సన్నని తెలుగు వత్తులు ప్రింటులో పదును కోల్పోయే ప్రమాదమూ ఉంది. యంత్రం నిజంగా 1.3 మాత్రమే చదువుతుందని తేలితే తప్ప నేను ఆ మెట్టు దిగను.

కమాండ్లంటే ఇష్టం లేనివారు అసలు ఫైలు చేతిలో ఉంటే పీడీఎఫ్ చేసేటప్పుడే వెర్షన్ ఎంచుకోవచ్చు, ఫలితం కూడా అదే మెరుగు. ఇన్‌డిజైన్‌లో `Acrobat 5 (PDF 1.4)` అనే ఎంపిక ఉంది. లిబ్రేఆఫీస్‌లో `PDF/A-1b` ఎంచుకుంటే అది 1.4 మీద ఆధారపడిన ప్రమాణం, ఫాంటులన్నీ పొదగడం తప్పనిసరి. కానీ అందులో పారదర్శకతకు చోటు లేదు కాబట్టి నీడలున్న ముఖచిత్రాన్ని ఒకసారి కళ్లతో చూసుకోవాలి.

డిజిటల్ సంతకం ఉన్న ధ్రువపత్రాలను మాత్రం ఇలా మార్చి ఎవరికీ ఇవ్వకండి. ఫైలును తిరిగి రాయగానే ఆ సంతకం చెల్లకుండా పోతుంది, `qpdf` అయినా గోస్ట్‌స్క్రిప్ట్ అయినా సరే. పాత యంత్రంలో ప్రింటు తీయడానికి ఒక ప్రతిని మార్చుకుని, అసలు ఫైలును విడిగా దాచి, ఆఫీసులో అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ అసలుదే ఇవ్వాలి. నా దగ్గరికి వచ్చేవారికి మార్చిన ప్రతి పేరు చివర `-print` అని చేర్చి ఇస్తున్నాను.