గది అద్దె పేరుతో కోసిన 21,000: ఏడేళ్ల పాలసీ, రెండో ఉత్తరం

బరంపురంలో ఉంటున్న మా కుటుంబానికి ఈ ఆరోగ్య బీమా ఏడేళ్లుగా ఉంది. మొదటి ఆరేళ్లలో దీనితో పని పడలేదు. ఏడో ఏట అమ్మ తుంటి ఎముక విరిగి విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించాం. అప్పుడే పాలసీ సంగతి తెలిసింది.

బీమా మొత్తం 3 లక్షలు. గది అద్దెకు రోజుకు ఒక శాతం, అంటే 3,000 వరకే ఇస్తారు. మేం తీసుకున్న గది 4,000. బిల్లు 1,60,000 అయితే కంపెనీ అందులో ముప్పాతిక భాగం, 1,20,000 మాత్రమే చెల్లించింది.

గది పరిమితి దాటితే మిగతా ఖర్చుల్లోనూ అదే నిష్పత్తిలో కోత పెట్టవచ్చు, నిజమే. కానీ మందులు, శరీరంలో అమర్చే ఇంప్లాంటు, పరీక్షల ఖర్చులకు ఆ కోత వర్తించదు. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2020లోనే ఈ సంగతి చెప్పింది, మా పాలసీ పుస్తకంలోని నిర్వచనాల్లోనూ ఉంది. మా బిల్లులో ఆ మూడూ కలిపి 84,000. వాటి మీద కోసిన 21,000 మాకు రావాలి. గది మీద 4,000, డాక్టరు, థియేటరు, నర్సింగ్ ఖర్చుల మీద 15,000 కోయడం న్యాయమే. వాటిని నేను అడగలేదు.

మార్చి 4న పంపిన మొదటి ఫిర్యాదులో "అన్యాయంగా తగ్గించారు" అని రాశాను. 12న వచ్చిన జవాబు: "నిబంధనల ప్రకారమే పరిష్కరించాం." ఏ నిబంధనో చెప్పలేదు. రోగిని ఆసుపత్రిలో చూసుకుని వచ్చిన కుటుంబానికి పంపవలసిన జవాబు అది కాదు.

15న కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాసిన ఉత్తరం ఇలా మొదలైంది: "పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, చివర 4172 అని ఉన్న ఫిర్యాదు నంబరు పైన ఇచ్చాను. 12వ తేదీ జవాబులో కోతకు ఆధారమైన క్లాజు లేదు. ఆ క్లాజును చూపండి, లేదా 21,000 చెల్లించండి. మార్చి 29లోగా లిఖితపూర్వక జవాబు రాకపోతే భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేస్తాను."

ఫిర్యాదును పరిష్కరించడానికి కంపెనీకి ఉన్న గడువు 14 రోజులే కాబట్టి 29 అని రాశాను. క్లెయిమ్ నంబరు ఒక్కటే ఇస్తే ఉత్తరం మళ్లీ క్లెయిమ్ విభాగానికే వెళ్లే అవకాశం ఉంది. పాత ఫిర్యాదు నంబరు ఉంటే ఇది రెండోసారి అడుగుతున్నదని అధికారికి వెంటనే తెలుస్తుంది. ఆపరేషన్ ఆంధ్రలో జరిగినా మా నివాసం ఒడిశాలో కాబట్టి భువనేశ్వర్ అని రాశాను. బిల్లును రెండు భాగాలుగా విడదీసి, పాలసీలోని నిర్వచనాల పేజీ నకలును జతచేశాను.

26న 21,000 ఖాతాలో పడింది. క్షమాపణ మాత్రం లేదు.

పాలసీని వదులుకోలేదు. అమ్మ వయసుకు కొత్త కంపెనీ దొరకడం కష్టం. ఈసారి పునరుద్ధరణలో, ప్రీమియం పెరిగినా, గది పరిమితి లేని రకానికి మార్చమని అడిగాను.