ఇంట్లోవాళ్లకు గూగుల్ పాస్‌వర్డ్ మేనేజరా, బిట్‌వార్డెనా?

ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉండే గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లో అమ్మానాన్నలు కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు ఏమీ లేదు. అయితే దాని భద్రత అంతా జీమెయిల్ ఖాతా మీదే ఆధారపడుతుంది కనుక ఆ ఖాతా చేజారితే అన్నీ చేజారినట్లే. పాస్‌వర్డ్‌లను దాచిపెట్టే మరో యాప్ అయిన బిట్‌వార్డెన్‌ను విడిగా ఇన్‌స్టాల్ చేసి, ఫోన్ సెట్టింగ్స్‌లో ఆటోఫిల్‌కు దానినే ఎంచుకోవాలి. ఇంట్లో ఐఫోన్లు కూడా ఉంటే నేను దీనివైపే మొగ్గుతాను.

చిక్కంతా బిట్‌వార్డెన్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ దగ్గరే, ఎందుకంటే దానిని మరచిపోతే సంస్థవారు కూడా తిరిగి ఇవ్వలేరు. పేర్లు, పుట్టినతేదీలు వదిలేసి, నిఘంటువును కళ్లు మూసుకుని ఐదుసార్లు తెరిచి, వేలు పడిన ఐదు మాటలను ఆ పాస్‌వర్డ్‌గా తీసుకోండి. తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే `chettu`, `cettu` అని రెండు రకాలుగా వస్తాయి కాబట్టి, ఎంచుకున్న స్పెల్లింగును కాగితంపై రాసి బీరువాలో ఇంటి దస్తావేజులతో ఉంచండి. వేలిముద్రతోనే తెరుస్తూ పోతే ఆ మాటలు మరుపున పడి, ఫోన్ మార్చిన రోజున ఖాతా తెరుచుకోదు. అందుకే మొదటి నెల వారానికొకసారైనా వాటిని చేత్తో టైప్ చేయించండి.